చెయ్యి తిరిగినంతే చూపు తిరగాలి

బీజీఎంఐ ఆడే కుర్రాళ్లకు జైరో గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సెట్టింగ్స్‌లో జైరోస్కోప్ దగ్గర ‘స్కోప్ ఆన్’ పెట్టాలా, ‘ఆల్వేస్ ఆన్’ పెట్టాలా అని గంటల తరబడి వాదించుకునేవాళ్లు ప్రతి కాలేజీ హాస్టల్లోనూ కనిపిస్తారు. తుపాకీ పైకి ఎగరబోతుంటే ఫోన్‌ను కాస్త కిందికి వంచి రికాయిల్‌ను అణచడం వాళ్ల మణికట్టుకు అలవాటైపోయిన పని. విచిత్రమేమిటంటే, అదే కుర్రాడి చేతికి ప్లేస్టేషన్ కంట్రోలర్ ఇచ్చి టీవీ ముందు కూర్చోబెడితే మళ్లీ బొటనవేలితో స్టిక్‌ను అటూ ఇటూ నెడుతూ తిప్పలు పడతాడు. ఫోన్‌లో ఉన్న జైరోలాంటిదే ఆ కంట్రోలర్‌లోనూ ఉందన్న సంగతి అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

2013లో వచ్చిన డ్యూయల్‌షాక్ 4లో అది ఉంది. 2017 నాటి నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్‌లో, 2020లో వచ్చిన డ్యూయల్‌సెన్స్‌లో, 2022 నాటి స్టీమ్ డెక్‌లో కూడా ఉంది. ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ యంత్రాలతో వచ్చే మైక్రోసాఫ్ట్ కంట్రోలర్‌లో మాత్రం లేదు. కాబట్టి చేతిలో ఉన్నది అదే అయితే ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది.

ఉన్నవాళ్లలోనూ చాలామంది ఒకసారి ఆన్ చేసి చూసి, తెర అంతా ఊగిపోతోందని విసుక్కుని ఆపేస్తారు. తప్పు సాధారణంగా సెన్సర్‌ది కాదు. జైరో మౌస్‌లా పనిచేయాలంటే మూడు సంగతులు కుదరాలి. దాని కదలిక ఆటలోకి మౌస్ కదలికగానే వెళ్లాలి. ఎంత తిప్పితే ఎంత తిరుగుతుందో డిగ్రీల్లో తెలియాలి. మౌస్‌ను ఎత్తి మళ్లీ పెట్టుకున్నట్టు, జైరోను కాసేపు ఆపి చెయ్యి సర్దుకునే వీలుండాలి. ఎక్కువమంది తడబడేది ఈ మూడోదాని దగ్గరే.

స్టిక్‌తో గురి ఎందుకు కష్టమో ముందు చూడాలి. స్టిక్ అనేది బండి యాక్సిలరేటర్ లాంటిది. ఎంత నొక్కితే అంత వేగంగా చూపు తిరుగుతుంది గానీ, ఎక్కడ ఆగాలో అది చెప్పదు. శత్రువు తల మీదికి రాగానే సరిగ్గా ఆ క్షణంలో వేలు వదలాలి. కాస్త ముందు వదిలితే తక్కువ, కాస్త వెనక వదిలితే ఎక్కువ. అందుకే కన్‌సోల్ షూటర్లలో గురిని తనంతట తాను కాస్త లాగే ఎయిమ్ అసిస్ట్ పెట్టారు. మౌస్ అలా కాదు. అంగుళం జరిపితే ఇంత కోణం అని లెక్క ఉంటుంది, చెయ్యి ఆగిన చోటే చూపూ ఆగుతుంది. జైరో కూడా ఈ జాతిదే. లోపలున్న చిన్న చిప్ తాను సెకనుకు ఎన్ని డిగ్రీల వేగంతో తిరుగుతోందో ఎడతెగకుండా చెబుతూ ఉంటుంది. ఆ వేగాల్ని కూడుకుంటూ పోతే చెయ్యి ఎంత కోణం తిరిగిందో తేలుతుంది.

ఈ కోణాన్ని ఆటకు ఎలా అందిస్తామన్నదే మొదటి నిర్ణయం. కంప్యూటర్ మీద స్టీమ్‌లో కంట్రోలర్ సెట్టింగ్స్ తెరిస్తే జైరోకు రకరకాల పనులు అప్పగించవచ్చు. వాటిలో జైరోను స్టిక్‌గా మార్చే ఎంపికా ఉంటుంది, మౌస్‌గా మార్చేదీ ఉంటుంది. కంట్రోలర్ కదా, స్టిక్‌గానే పెడదాం అనుకోవడం సహజం. అక్కడే పప్పులో కాలేసినట్టు. స్టిక్‌గా మారిన వెంటనే జైరోకు స్టిక్ జబ్బులన్నీ అంటుకుంటాయి. నడిమధ్యన కదలికను పట్టించుకోని డెడ్‌జోన్, ఆట విధించే గరిష్ఠ తిరుగుడు వేగం, వంకరటింకర రెస్పాన్స్ కర్వ్ అన్నీ వచ్చి చేరతాయి. చెయ్యి మెల్లగా కదిపితే గురి కదలదు, ఇంకాస్త కదిపితే ఒక్కసారిగా దూకుతుంది. ఈ లక్షణం కనిపించిందంటే జైరో స్టిక్ వేషంలో ఉందని గుర్తు. స్టీమ్‌లో ఎంచుకోవాల్సింది `Gyro To Mouse`.

ఇందులో ఒక పేచీ ఉంది. కొన్ని ఆటలు కంట్రోలర్‌నూ మౌస్‌నూ ఏకకాలంలో ఒప్పుకోవు. తెర మీద బటన్ల బొమ్మలు క్షణానికోసారి మారుతూ మినుకుమినుకుమంటాయి. కొన్ని ఆటల్లో ఒకటి కదిలినప్పుడు రెండోది పడుకుంటుంది. అప్పుడు కంట్రోలర్‌లోని బటన్లన్నిటినీ కీబోర్డ్ మీటలుగా మార్చుకోవడమే దారి. నడక కూడా W, A, S, D మీటల మీదికి వెళ్తుంది కాబట్టి స్టిక్‌ను సగం నెట్టి నెమ్మదిగా నడిచే సౌకర్యం పోతుంది. షూటర్లో అది పెద్ద నష్టమేమీ కాదు. మౌస్‌గా గుర్తించాక ఎయిమ్ అసిస్ట్ కూడా సాధారణంగా పోతుంది. అది మంచికే. జైరోతో గురి పెట్టేవాడి చేతిని ఎయిమ్ అసిస్ట్ ఇంకో వైపు లాగుతుంటే ఇద్దరు కలిసి ఒకే పెన్ను పట్టుకుని రాసినట్టే అవుతుంది.

ఇక లెక్క. వాల్వ్ కంపెనీ ఆట హాఫ్-లైఫ్ 2ను తీసుకుంటే అంతా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒక్కడే ఆడుకునే ఆట కాబట్టి ఎవరి చేతిలోనూ ఓడిపోతామన్న తొందరా ఉండదు. ఈ ఆట ఇంజన్‌లో మౌస్ ఒక్క చుక్క కదిలితే చూపు 0.022 డిగ్రీలు తిరుగుతుంది. దాన్ని ఆటలోని సెన్సిటివిటీ అంకెతో గుణించాలి. కన్‌సోల్ తెరిచి ఇలా పెట్టుకోవచ్చు:

```
m_yaw 0.022
sensitivity 1
m_rawinput 1
```

మూడో లైను వల్ల విండోస్‌లోని మౌస్ వేగం సెట్టింగ్ ఇందులో వేలు పెట్టకుండా ఉంటుంది. ఇప్పుడు ఒక పూర్తి చుట్టు తిరగడానికి ఎన్ని చుక్కలు కావాలి? 360ని 0.022తో భాగిస్తే సుమారు 16,364. స్టీమ్‌లో ఒక చుట్టుకు ఎన్ని చుక్కలో అడిగే గడిలో ఈ అంకెనే నింపాలి. సెన్సిటివిటీ 3 అని ఉంటే అది 5,455 అవుతుంది. రెండు విధాలుగానూ చెయ్యి తిప్పినప్పుడు చూపు తిరిగే కోణం ఒకటే. అయినా ఆటలో అంకె చిన్నగా ఉంచడమే మేలు. ఎందుకంటే చుక్కల్లో సగం చుక్క ఉండదు. 3 దగ్గర గురి వేసే అతి చిన్న అడుగు 0.066 డిగ్రీలు, 1 దగ్గర 0.022. దూరాన ఉన్న లక్ష్యం మీద, అందులోనూ జూమ్ చేసినప్పుడు, ఆ మెట్లు కంటికి తెలుస్తాయి.

చుక్కల లెక్క ఎక్కడా దొరకని ఆటల్లో ఏం చేయాలి? ఒక ఉజ్జాయింపు అంకె వేసి, జైరో సెన్సిటివిటీని 1 దగ్గర ఉంచాలి. గదిలో నిలబడి కంట్రోలర్‌ను ఒక గోడకు నేరుగా పట్టుకుని, ఆటలోనూ ఏదో ఒక గోడకు ఎదురుగా నిలవాలి. తర్వాత ఒళ్లంతా కలిపి పక్క గోడ వైపు తిరగాలి. ఆటలోని పాత్ర కూడా సరిగ్గా పక్క గోడ వైపు తిరిగితే అంకె కుదిరినట్టే. ఎక్కువ తిరిగితే అంకె తగ్గించాలి, తక్కువ తిరిగితే పెంచాలి. చూసేవాళ్లకు నవ్వులాటగా ఉంటుంది గానీ, నాలుగైదు సార్లలో కొలత దగ్గరికి వచ్చేస్తుంది.

ఈ కొలతకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఒకసారి ఇది కుదిరాక సెన్సిటివిటీకి అసలైన అర్థం వస్తుంది. 1 అంటే చెయ్యి పది డిగ్రీలు తిరిగితే చూపూ పది డిగ్రీలే. 3 అంటే ముప్ఫై. ఏ ఆటకు వెళ్లినా 3 అంటే 3నే. ఆటల్లో ఉండే 1 నుంచి 10 వరకు స్లైడర్లకు ఈ నిలకడ లేదు. ఒకదాంట్లో 6 ఇంకోదాంట్లో 2 కావచ్చు. ఈ కొలమానాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చినవాడు జిబ్ స్మార్ట్ అనే గేమ్ డెవలపర్. కంట్రోలర్‌ను మౌస్‌గా మార్చే జాయ్‌షాక్‌మ్యాపర్ అనే ఉచిత ప్రోగ్రాం ఆయనదే. 2022లో ఫోర్ట్‌నైట్‌కు జైరో హంగులు చేర్చినప్పుడు ఎపిక్ గేమ్స్ ఆయన సాయం తీసుకుంది.

మరి ఎంత పెట్టాలి? మణికట్లను ఇబ్బంది లేకుండా ఒక్కో వైపు ముప్ఫై డిగ్రీల దాకా తిప్పవచ్చు అనుకుందాం. 1 దగ్గర పక్కకు తిరిగి చూడటానికే చెయ్యి చాలదు. 3 దగ్గర ఆ ముప్ఫై కాస్తా తొంభై అవుతుంది, అంటే పూర్తిగా కుడి చేతి వైపుకు. 6 దగ్గర వెనక్కే తిరిగిపోవచ్చు. అయితే పెంచుతూ పోవడానికి మూల్యం ఉంది. ఇరవై మీటర్ల దూరంలో ఉన్న శత్రువు తల పావు మీటరు వెడల్పు అనుకుంటే, అది చూపులో సుమారు 0.7 డిగ్రీలు ఆక్రమిస్తుంది. 3 దగ్గర ఆ తల మీద గురి నిలవాలంటే చెయ్యి దాదాపు పావు డిగ్రీ హద్దులో ఉండాలి. 6 దగ్గర ఆ హద్దు అందులో సగానికి పడిపోతుంది. చేతి వణుకు మాత్రం తగ్గదు కదా.

అందుకే 3 దగ్గర మొదలుపెట్టడం తెలివైన పని. పరీక్ష కూడా సులువే. ఆటలో గోడ మీద కాస్త ఎడంగా రెండు గుర్తులు చూసుకుని, ఒకదాని నుంచి ఇంకోదానికి గురిని చకచకా మార్చాలి. ప్రతిసారీ గుర్తు దాటి అవతలికి పోతుంటే అర పాయింటు తగ్గించాలి. గుర్తు చేరకముందే మణికట్టు పట్టేస్తుంటే అర పాయింటు పెంచాలి. ఒక్కసారి దాటిపోతే కంగారుపడి మార్చనక్కర్లేదు. అదే తప్పు అదే వైపు పదే పదే జరుగుతుంటేనే సెట్టింగ్ మీద చెయ్యి వేయాలి. నిలువుకూ అడ్డానికీ వేర్వేరు అంకెలు పెట్టుకోవడం కొందరికి సరదా. ఏటవాలుగా గురి జరిపేటప్పుడు అది చేతిని మోసం చేస్తుంది కాబట్టి మొదట్లో రెండూ ఒకటిగానే ఉంచడం మంచిది.

నెమ్మదిగా తిప్పితే తక్కువ, విసురుగా తిప్పితే ఎక్కువ తిరిగేలా ఏర్పాటు చేసుకునే సదుపాయమూ ఉంది. జాయ్‌షాక్‌మ్యాపర్‌లో అది ఇలా ఉంటుంది:

```
MIN_GYRO_SENS = 2
MAX_GYRO_SENS = 4
MIN_GYRO_THRESHOLD = 5
MAX_GYRO_THRESHOLD = 75
```

చెయ్యి సెకనుకు 5 డిగ్రీలకన్నా నెమ్మదిగా కదిలితే రెండింతలు, 75 దాటితే నాలుగింతలు, మధ్యలో క్రమంగా పెరుగుతూ పోతుంది. వినడానికి రెండు చేతులా లడ్డూలే. కానీ చేతికి ఒక స్థిరమైన లెక్క అలవాటు కాకముందే దీన్ని తగిలిస్తే, ఏ తప్పు చేతిది, ఏ తప్పు అంకెది అన్నది తేలదు.

ఇప్పుడు అసలు విషయం. జైరో ఎప్పుడు పనిచేయాలి, ఎప్పుడు ఆగాలి?

కన్‌సోల్ ఆటల్లో చాలామంది మొదట ఎంచుకునేది ఎల్2 నొక్కి గురిపెట్టినప్పుడు మాత్రమే జైరో పనిచేసే పద్ధతి. బీజీఎంఐ భాషలో ఇది స్కోప్ ఆన్. కొత్తవాళ్లకు భయం పోగొట్టడానికి బాగుంటుంది. మామూలుగా తిరిగేటప్పుడు కంట్రోలర్ ఎలా పట్టుకున్నా ఫర్వాలేదు, స్టిక్‌తో సుమారుగా తిప్పి, ఎల్2 నొక్కి జైరోతో సరిచేసుకోవచ్చు. దీని లోపం దగ్గరి పోట్లాటల్లో బయటపడుతుంది. షాట్‌గన్‌తో ఎదురుపడ్డప్పుడు స్కోప్ పెట్టే తీరిక ఉండదు, సరిగ్గా అప్పుడే మళ్లీ స్టిక్ గతి అవుతుంది. ఎల్2 నొక్కే విసురుకు కంట్రోలర్ కాస్త కదిలి, గురి మొదలయ్యే క్షణంలోనే పక్కకు జరగడం ఇంకో చికాకు.

ఎప్పుడూ ఆన్‌లో ఉంచే పద్ధతికి మంచి ఉదాహరణ 2015లో వీ యూ కోసం నింటెండో తెచ్చిన స్ప్లటూన్. పెద్ద మలుపులకు స్టిక్, సన్నని గురికి జైరో. చెయ్యి ఎటో వంగిపోయినప్పుడు వై బటన్ నొక్కితే చూపు మళ్లీ నడిమికి వస్తుంది. చిన్నపిల్లలు కూడా ఆ ఆటలో చులాగ్గా గురి పెట్టడానికి ఈ అమరికే కారణం.

కంప్యూటర్ మీద ఇంకో మెట్టు ఎక్కవచ్చు. జైరో ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది, ఒక బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు మాత్రం ఆగుతుంది. కుడివైపు తిరుగుతూ పోతే మణికట్టు చివరికొచ్చింది అనుకుందాం. బటన్ నొక్కి, చేతుల్ని నడిమికి తెచ్చి, వదిలేసి మళ్లీ తిప్పాలి. మౌస్ ప్యాడ్ అంచుకు వచ్చినప్పుడు మౌస్‌ను ఎత్తి వెనక్కి పెట్టుకోవడం ఇదే. మొదటి రెండు మూడు పూటలు వేలు మరచిపోతుంది. తర్వాత మౌస్ ఎత్తడంలాగే గమనించకుండా జరిగిపోతుంది. గురిని చేతి కోణంతో కాకుండా చేతి కదలికతో ముడిపెట్టేది ఇదే కాబట్టి, మౌస్‌కు దగ్గరగా రావాలనుకునేవాళ్లు మిగతా సెట్టింగ్స్ మీద పెట్టే ఓపికలో సగం దీని మీద పెట్టినా ఫలితం ఉంటుంది.

ఏ బటన్ కేటాయించాలన్నది చిన్న ప్రశ్న కాదు. కాల్చే వేలుకు గానీ, నడిపే బొటనవేలికి గానీ పని అడ్డుపడకూడదు. కుడి బొటనవేలు స్టిక్ మీద లేనప్పుడు ఖాళీయే కాబట్టి ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో సర్కిల్ బటన్‌నో, టచ్‌ప్యాడ్ తాకిడినో దీనికి వాడుకోవచ్చు. జాయ్‌షాక్‌మ్యాపర్‌లో సర్కిల్‌కైతే ఒక్క లైను చాలు:

```
GYRO_OFF = E
```

స్టీమ్ డెక్‌లో స్టిక్ మొనలు వేలు తాకితే గుర్తుపడతాయి. కుడి స్టిక్ మీద బొటనవేలు ఉన్నంతసేపు జైరో ఆన్, వేలు ఎత్తితే ఆఫ్ అని పెట్టుకుంటే వేరే బటనే అక్కర్లేదు. నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అనే పద్ధతి ఒకటుంది గానీ, హడావుడిలో ఇప్పుడు ఏ స్థితిలో ఉందో గుర్తుండదు. దాన్ని వదిలేయడమే మంచిది.

ఎడమ కుడి తిరుగుడు ఏ కదలిక నుంచి తీసుకోవాలన్న ఎంపిక కూడా కనిపిస్తుంది. కంట్రోలర్‌ను ఒళ్లో పరుండబెట్టినట్టు పట్టుకునేవాళ్లు దాన్ని పక్కకు తిప్పుతారు. ముఖానికి ఎదురుగా నిలబెట్టి పట్టుకునేవాళ్లకు అదే పని స్టీరింగ్ తిప్పినట్టు వస్తుంది. స్టీమ్‌లోని `Player Space` అనే ఎంపిక భూమ్యాకర్షణ దిశను చూసి రెండు పద్ధతులనూ అర్థం చేసుకుంటుంది. తేల్చుకోలేనివాళ్లు దాన్ని పెట్టుకుని ముందుకు సాగవచ్చు.

ఇంత చేశాక కూడా కొన్ని తేడాలు వస్తాయి. అన్నిటికన్నా తరచుగా వచ్చేది డ్రిఫ్ట్. కంట్రోలర్ బల్ల మీద కదలకుండా ఉన్నా చూపు నెమ్మదిగా ఒక వైపు జారుతుంటుంది. చిప్ తాను నిశ్చలంగా ఉన్నా సున్నాకు బదులు ఏదో చిన్న వేగం చెబుతోందన్నమాట. వేడి మారితే ఈ పొరపాటూ మారుతుంది. కాబట్టి కంట్రోలర్ ఆన్ చేసి కొన్ని నిమిషాలు ఆడాక, గట్టి బల్ల మీద పెట్టి, చెయ్యి తీసేసి కాలిబ్రేషన్ చేయాలి. మంచం మీదో ఒళ్లోనో పెట్టి చేస్తే ఊపిరి కదలికను కూడా అది సున్నా అనుకుంటుంది. దీనికి మందుగా డెడ్‌జోన్ పెంచేవాళ్లున్నారు. డ్రిఫ్ట్ కనబడకుండా పోతుంది నిజమే, దాంతోపాటు సన్నని గురి కూడా పోతుంది.

స్మూతింగ్ సంగతీ అంతే. వణుకు తగ్గించడానికి సాఫ్ట్‌వేర్ గత కొన్ని క్షణాల కదలికల సగటు తీస్తుంది. ఎక్కువ పెడితే గురి తేనెలో ఈదుతున్నట్టు వెనకబడుతుంది. ముందు దాన్ని సున్నా చేసి, వణుకు నిజంగా ఇబ్బంది పెడితేనే, అదీ నెమ్మది కదలికలకు మాత్రమే, కొద్దిగా చేర్చాలి.

ఇంకో రెండు దొంగలు సెట్టింగ్స్‌లో కాక చేతిలోనే ఉంటారు. ఒకటి వైబ్రేషన్. తుపాకీ పేలిన ప్రతిసారీ మోటార్లు కంట్రోలర్‌ను కుదిపితే ఆ కుదుపు జైరోకూ తెలుస్తుంది, గురి గజగజలాడుతుంది. ఆపేసి చూస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. రెండోది ట్రిగ్గర్. ఆర్2ను అడుగంటా లాగే సరికి కంట్రోలర్ ముందుభాగం కిందికి వంగుతుంది. తొలి తూటా ప్రతిసారీ లక్ష్యానికి కాస్త కింద తగులుతోందంటే అనుమానించాల్సింది దీన్నే. ట్రిగ్గర్ కొద్దిగా కదలగానే కాల్చేలా స్టీమ్‌లో పెట్టుకోవచ్చు, లేదా కాల్పును ఆర్1కు మార్చుకోవచ్చు. డ్యూయల్‌సెన్స్‌లో ట్రిగ్గర్‌ను బిగుతు చేసే హంగు ఉంటే దాన్ని కూడా ఆఫ్ చేయాలి.

స్కోప్‌లో సెన్సిటివిటీ గురించి ఒక మాట. మౌస్‌గా గుర్తించిన ఆటలు జూమ్ చేసినప్పుడు వేగాన్ని సాధారణంగా తామే తగ్గిస్తాయి. ఆ సంగతి తెలియక కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో కూడా ఎల్2కు తక్కువ అంకె పెడితే రెండుసార్లు తగ్గి, స్కోప్ బురదలో దిగబడ్డట్టు అనిపిస్తుంది. తగ్గింపు ఒక్క చోటే ఉండాలి.

ప్లేస్టేషన్ మీద ఆడేవాళ్లకు ఈ స్వేచ్ఛ అంతా ఉండదు. అక్కడ జైరోను మౌస్‌గా మార్చే మధ్యవర్తి ప్రోగ్రాం ఉండదు కాబట్టి, ఆట తయారుచేసినవాళ్లు ఇచ్చిందే భాగ్యం. ఫోర్ట్‌నైట్ ఆన్, ఆఫ్ పద్ధతులతో సహా ఉదారంగానే ఇచ్చింది. 2022 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 కూడా ప్లేస్టేషన్‌లో జైరో గురిని చేర్చింది. ఏదైనా కొత్త షూటర్ కొనే ముందు దాని సెట్టింగ్స్‌లో మోషన్ అనే భాగం ఉందో లేదో యూట్యూబ్‌లో రెండు నిమిషాలు చూసుకుంటే డబ్బు పెట్టాక నిట్టూర్చాల్సిన పని ఉండదు. ఆ భాగం ఉండి కూడా, చెయ్యి మెల్లగా కదిపినప్పుడు గురి కదలక తర్వాత దూకుతుంటే, తయారీదారులు లోపల జైరోను స్టిక్ గొట్టం గుండానే పంపిస్తున్నారని అర్థం. అలాంటి ఆటలో ఎన్ని అంకెలు మార్చినా ఒరిగేదేమీ లేదు.